బాత్రూంలో జారని చెప్పు హాల్లో ఎందుకు జారుతుంది?

జారిన చోటు ఏదో ముందు తెలుసుకోవాలి. "బాత్రూంలో జారాను" అని చాలామంది అంటారు కానీ, సరిగ్గా అడిగితే ఒక్కోసారి గడప దాటాక జారారని తేలుతుంది. మా అత్తగారి విషయంలో అదే జరిగింది. ఆవిడకు 74 ఏళ్లు. "జారవు" అని రాసి ఉన్న చెప్పులే కొన్నాం. అయినా వారంలో రెండుసార్లు తూలి గోడ పట్టుకున్నారు. "లోపల బానే ఉంటోందమ్మా, బయటికొస్తేనే కాలు పోతోంది" అన్నారు.

సమస్య: బాత్రూం బయట మొదటి రెండు మూడు అడుగుల్లో జారడం

కారణం: మా బాత్రూంలో గరుకు టైల్స్, హాల్లో పాలిష్ పట్టిన మార్బుల్. గరుకు టైల్ మీద నీళ్లున్నా, దాని చిన్న చిన్న మొనలు చెప్పు అడుగును పట్టుకుంటాయి. మార్బుల్‌కు ఆ మొనలు ఉండవు. తడి చెప్పుకూ రాయికీ మధ్య పల్చటి నీటి పొర నిలిచిపోయి, చెప్పు దాని మీద తేలిపోతుంది. పైగా ఆ చెప్పులు ఈవీఏ ఫోమ్‌వి. చేతిలో పెట్టుకుంటే దూదిలా తేలిక, వేసుకుంటే మెత్తన, కానీ తడి నున్నటి నేల మీద మంచి రబ్బరంత పట్టు ఉండదు.

వాడే ముందు మేము చేయని పరీక్ష ఇది. చెప్పును కాలికి కాదు, చేతికి తొడుక్కోండి. మీ ఇంటి మార్బుల్ మీద గ్లాసుడు నీళ్లు పోసి, చెప్పును గట్టిగా అదిమి ముందుకు తోయండి. తర్వాత రెండు చుక్కల షాంపూ కలిపి మళ్లీ తోయండి. ఇంట్లో ఉన్న జతలన్నీ ఇలా చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. మా ఇంట్లో అన్నిటికంటే అందంగా ఉన్న జతే అన్నిటికంటే సులువుగా జారింది!

పరిష్కారం: తడి జత బాత్రూం దాటకూడదు. లోపలికి రబ్బరు అడుగున్న జత ఒకటి, హాల్లోకి పొడి జత ఇంకొకటి పెట్టాం. అడుగున గాళ్లు అంచు దాకా తెరుచుకుని ఉండాలి, నీళ్లు పక్కకు పోయేది వాటిలోంచే. గుండ్రటి గుంటల్లాంటి డిజైన్ అయితే నీళ్లు అందులోనే ఉండిపోతాయి. అయితే చెప్పులు మార్చుకోవడానికి పెద్దవాళ్లు ఒంటికాలి మీద నిలబడితే అదో కొత్త టెన్షన్. అందుకే గడప బయట కదలని కుర్చీ, దాని ముందు అడుగున రబ్బరున్న పట్టా వేశాం. కూర్చుని, కాళ్లు తుడుచుకుని, పొడి జత వేసుకుంటారు.

సమస్య: చెప్పు కదలదు, లోపల పాదం జారుతుంది

కారణం: చెప్పు పైభాగం నున్నగా ఉండడం, లేదా సైజు వదులు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు చెప్పు సగం ఊడినా తెలియదు.

పరిష్కారం: మడమ వెనక పట్టీ, పైన వెల్క్రో ఉన్న జత. సాయంత్రానికి పాదాలు వాచేవాళ్లకు కొలత సాయంత్రమే చూడండి. "పెరుగుతారు కదా" అని పిల్లలకు పెద్ద సైజు కొనడం బడి బూట్లకు చెల్లుతుందేమో, బాత్రూం చెప్పులకు వద్దు.

సమస్య: కొత్తలో బాగుంది, ఇప్పుడు జారుతోంది

అడుగు తిప్పి చూడండి. మడమ దగ్గర గాళ్లు అరిగి నున్నబడితే ఆ జత పారేయాల్సిందే, బాగుచేయడం కుదరదు. గాళ్లు ఉండి, వేలితో రాస్తే జిడ్డు తగిలితే అది సబ్బు పేరుకోవడం. పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో గాళ్లలో రుద్ది, నురగ మిగలకుండా కడిగి ఆరబెట్టండి. తలంటు రోజు ఇది తప్పదు. నువ్వుల నూనె, కుంకుడు రసం కలిసి నేల మీదున్నప్పుడు ఏ చెప్పునూ నమ్మడానికి లేదు. ముందు నేల కడగాలి, తర్వాతే పెద్దవాళ్లు లేవాలి.

సమస్య: జారడం లేదు, ముందుకు తూలుతున్నారు

ఇది పట్టు మరీ ఎక్కువైనప్పుడు వస్తుంది. పాదం ఎత్తకుండా ఈడ్చి నడిచే పెద్దవాళ్లకు మందపాటి రబ్బరు అడుగు పొడి మార్బుల్‌కు పట్టేసుకుంటుంది. వాళ్లకు హాల్లో పల్చటి అడుగు, ముందు అంచు కాస్త పైకి వంగిన జత కొనండి. ఈడ్చి నడవడం ఈమధ్యే మొదలైతే మాత్రం చెప్పు మార్చి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

పిల్లలు మార్బుల్ మీద సాక్సులతో పరిగెత్తి పడుతుంటే

మామూలు సాక్సులు విప్పేయండి, పొడి నేల మీద ఒట్టి కాళ్లే నయం. చలికి తప్పదంటే అడుగున రబ్బరు చుక్కలున్నవి వేయండి. ఉతికేకొద్దీ ఆ చుక్కలు రాలిపోతాయి, అప్పుడప్పుడు తిప్పి చూస్తుండాలి.