పాఠం 3: రెండు సైజులూ సరిపోతాయని చార్టు చెబితే

పోయిన పాఠంలో ఎత్తు, బరువు పట్టుకుని చార్టులో టైట్స్ సైజు వెతకమన్నాను. చాలామంది ఒకే చోట ఆగిపోయారు. ఎం వరుసలోనూ ఉన్నాం, ఎల్ వరుసలోనూ ఉన్నాం, ఏది కొనాలి అని.

చిత్తూరులో పిల్లలకు డ్యాన్స్ నేర్పే ఒకావిడ తన కొలతలు రాశారు: 162 సెం.మీ., 61 కిలోలు. ఆవిడ కొన్న ప్యాకెట్ మీద ఎం అంటే 150–163 సెం.మీ., 48–62 కిలోలు. ఎల్ అంటే 157–170 సెం.మీ., 57–72 కిలోలు. ఎం తీసుకున్నారు. రిహార్సల్‌లో అరమండి కూర్చోగానే రెండు కాళ్లు కలిసే చోటు తొడల మీదికి దిగింది, నడుము పట్టీ మడతపడి కిందికి చుట్టుకుంది.

చార్టు తప్పు కాదు, కానీ అసలు సంగతి అది చెప్పదు. సాగే గుడ్డను అడ్డంగా లాగేకొద్దీ నిలువుగా తగ్గుతుంది. పొట్టి మనిషికి నిలువులో గుడ్డ మిగులుతుంది కాబట్టి కాస్త బరువున్నా ఎం పడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ అదే ఎం మోయగల బరువు తగ్గుతుంది. అంటే ఎంకీ ఎల్‌కీ మధ్య హద్దు ఏటవాలు గీత. దాన్ని ఎత్తుకో వరుస, బరువుకో వరుసగా విడదీసి అచ్చేస్తే రెండు సైజులూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఆవిడ లెక్క చూడండి. ఎంలో ఎత్తు హద్దుకు 1 సెం.మీ., బరువు హద్దుకు 1 కిలో మాత్రమే మిగిలాయి. రెండూ ఒకేసారి చివరికొస్తే గుడ్డకు ఇక సాగే చోటు లేదు. ఆవిడకు ఎల్ కావాలి. అదే 158 సెం.మీ., 58 కిలోలైతే? అదీ రెండింట్లో పడుతుంది, కానీ ఎంలో ఎత్తుకు 5 సెం.మీ. వెసులుబాటుంది. ఎం చాలు. పిరుదులు, తొడల దగ్గరే ఒళ్లుంటే మాత్రం నేను ఎల్ వైపే వెళ్తాను.

తిరుపతి గాంధీ రోడ్డులో ఏ కౌంటర్ దగ్గర అడిగినా వినిపించే మాట, "సాగుతుందమ్మా, చిన్నదే తీసుకోండి." దయచేసి వినకండి. కాళ్లలోకి ఎక్కడం వేరు, సరిపోవడం వేరు. చిన్నది కూడా ఎక్కుతుంది. మోకాలి దగ్గర రంగు పలచబడి చర్మం కనిపిస్తుంటే, కూర్చున్నప్పుడు పట్టీ జారుతుంటే చిన్నదైనట్టు. చీలమండ దగ్గర, మోకాలి వెనక ముడతలు నిలిస్తే పెద్దదైనట్టు.

లెగ్గింగ్స్‌కి పాదం ఉండదు, పొడవు కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది. నడుము, పిరుదుల కొలతే చూడండి. తొడ దాకా వచ్చే స్టాకింగ్స్‌కి తొడ చుట్టుకొలత ముఖ్యం. డాక్టరు రాసిన బిగుతు స్టాకింగ్స్‌కి ఈ పాఠం పనికిరాదు, వాటికి చీలమండ, పిక్క టేపుతో కొలిపించుకోవాలి.

అభ్యాసం: గళ్ల కాగితం మీద అడ్డంగా బరువు, నిలువుగా ఎత్తు వేసి, పై చార్టులోని ఎం, ఎల్ పెట్టెలు గీయండి. ఇంట్లో అందరినీ చుక్కలుగా పెట్టండి. రెండు పెట్టెలూ కలిసిన చోట, పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు గీత గీసి, దానికి పైన, కుడివైపున పడ్డవాళ్ల పేర్లు రాయండి. వాళ్లకు ఎల్.