సీసీ కెమెరా ఫుటేజీ చదవడం, 4వ భాగం: మసక నంబర్ ప్లేటును షార్పెన్ చేస్తే

పోయిన భాగంలో ఫ్రేములో పిక్సెళ్లు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ లెక్క పనికొచ్చిన సంగతి ఒకటి చూద్దాం.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధిలో నిలిపిన స్కూటర్‌ను ఓ తెల్ల కారు గుద్ది వెళ్లిపోయింది. స్కూటర్ మా కింద ఫ్లోరు కడప కుర్రాడిది. గేటు కెమెరా వీడియో వాట్సాప్‌లో పంపి, "అన్నా, కొంచెం షార్పెన్ చేస్తే నంబర్ కనపడతాది కదా?" అన్నాడు.

కారు ప్లేటు వెడల్పు 500 మిల్లీమీటర్లు. ఆ ఫ్రేములో అది 33 పిక్సెళ్లే ఉంది. అంటే ఒక్కో పిక్సెల్ 15 మిల్లీమీటర్ల మేర చోటును చూస్తోంది. నిబంధనల ప్రకారం ప్లేటు మీది అక్షరం గీత మందం 10 మిల్లీమీటర్లు. గీత, దాని పక్క ఖాళీ రెండూ ఒకే పిక్సెల్‌లో పడి బూడిద రంగైపోయాయి. 3కీ 8కీ తేడా ఎడమ పక్క గీతే కదా, అదే పోయింది.

షార్పెన్ చేసేది కాంట్రాస్ట్ పెంచడం. వెలుగు విలువ వరసగా 150, 110, 150 ఉన్న పిక్సెళ్లు 160, 90, 160 అవుతాయి. కంటికి స్పష్టంగా ఉన్నట్టే ఉంటుంది, కానీ కొత్త సంగతేమీ రాదు. సైజు పెంచినా అంతే, పక్క పిక్సెళ్ల సగటుతో మధ్య ఖాళీలు నింపుతారు.

ఏఐ అప్‌స్కేలర్‌తోనే అసలు చిక్కు. అది తాను నేర్చుకున్న బొమ్మల్లోంచి అక్కడ ఉండదగిన అంకెను గీస్తుంది. మా ఫ్రేముకు ఒకటి 3 ఇచ్చింది, ఇంకోటి 8 ఇచ్చింది, రెండూ అచ్చు వేసినంత నున్నగా! అనుమానముంటే పక్క ఫ్రేము కూడా ఇచ్చి చూడండి. అంకె మారితే అది ఊహే.

మీరే చేసి చూడండి. మీ కారు ప్లేటు వరకే కత్తిరించిన ఫొటో తీసుకుని, ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాంతో ఈ రెండు కమాండ్లు నడపండి:

```
magick plate.png -resize 33x small.png
magick small.png -resize 660x -unsharp 0x2 back.png
```

నంబర్ తెలియని వాళ్లకు back.png చూపించి చదవమనండి. మీరు చూస్తే లాభం లేదు, తెలిసిన నంబరే కనిపిస్తుంది.

నిజంగా ఉపయోగపడేది ఒకటుంది. కారు మెల్లగా కదిలేటప్పుడు ఒక్కో ఫ్రేములో ప్లేటు పిక్సెళ్ల మీద కొంచెం వేరే చోట పడుతుంది. అలాంటి ఫ్రేములను సరిగ్గా ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే నాయిజ్ తగ్గుతుంది, ఒక్కోసారి కొత్త వివరం కూడా దొరుకుతుంది. దానికి డీవీఆర్ నుంచి తీసిన అసలు ఫైలు కావాలి. వాట్సాప్‌లో వచ్చింది మళ్లీ కుదించినది, చిన్న తేడాలు అందులోనే పోతాయి.

మేం డీవీఆర్ ఫైలు తెచ్చి పేర్చినా చివరి అంకె సన్నగా ఉంది, 1 కావచ్చు అన్నంత వరకే తేలింది. ఆఖరికి మలుపులో మెడికల్ షాపు కెమెరా చూశాం. కారు దానికి దగ్గరగా వెళ్లింది, అందులో ప్లేటు 140 పిక్సెళ్లు ఉంది. షార్పెన్ చేయకుండానే చదివేశాం.

వచ్చే భాగానికి పని: మీ గేటు కెమెరాలో ప్లేటు ఎన్ని మీటర్ల దూరం దాకా 100 పిక్సెళ్లకు తగ్గకుండా ఉంటుందో కొలిచి రాసుకోండి.