కొట్టేసిన 13.1 రీడింగ్‌ను మళ్లీ రాసుకున్నాను

మా బోరు నీటి కాఠిన్యం కొలవడానికి 50 మి.లీ. నమూనాలను 0.01 M ఈడీటీఏతో టైట్రేట్ చేశాను. బ్యూరెట్ రీడింగులు 12.4, 12.5, 12.4, 12.5, 13.1 మి.లీ. చివరిది తప్పని అడ్డంగా కొట్టేశాను.

"కారణం ఏదమ్మా?" అని మేడమ్ అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ముందు, దూరంగా ఉన్న రీడింగును తీసేయవచ్చో లేదో చూసే క్యూ టెస్ట్ చేశాను. పక్క విలువతో తేడా 0.6ను మొత్తం వ్యాప్తి 0.7తో భాగిస్తే 0.86 వచ్చింది. ఐదు రీడింగులకు 95% స్థాయిలో హద్దు 0.71. అంటే తీసేయవచ్చు. కానీ ఆ టెస్ట్ విలువ దూరంగా ఉందని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. పైగా అంత దగ్గరగా ఉన్న నాలుగు రీడింగుల పక్కన కొంచెం తేడా కూడా పెద్దగానే కనిపిస్తుంది.

నోట్‌బుక్ చూస్తే, బ్యూరెట్ మళ్లీ నింపాక చేసినది ఐదోది ఒక్కటే. కొనలో గాలి బుడగ ఉండి మధ్యలో బయటపడితే రీడింగ్ ఎక్కువ వస్తుంది. అయితే బుడగను నేను చూడలేదు, కాబట్టి అదే కారణమని రాయడం నిజాయితీ కాదు. మళ్లీ నింపి, కొన ఖాళీ లేకుండా చూసుకుని ఇంకో రెండు చేశాను: 12.5, 12.4.

రిపోర్టులో ఇలా రాశాను: "13.1 మి.లీ.ను సగటులో చేర్చలేదు. క్యూ టెస్ట్‌లో హద్దు దాటింది, అదనపు రెండు రీడింగుల్లో పునరావృతం కాలేదు. గాలి బుడగ అనుమానమే, నిర్ధారణ కాలేదు. కాఠిన్యం కాల్షియం కార్బొనేట్‌గా లీటరుకు 249 మి.గ్రా.; చేర్చితే 251."