ర్యాంకు పోస్టు పెట్టే ముందు

ఫలితాల వారంలో బెంజి సర్కిల్ ఫ్లెక్సీలకన్నా ముందే మన ఫోన్లు నిండిపోతాయి. మీ పిల్లల ర్యాంకు పోస్టు పెట్టే ముందు ఇవి చూసుకోండి.

– స్కోరు కార్డు మొత్తాన్ని ఫొటో తీసి పెట్టకండి. జేఈఈ మెయిన్ కార్డు మీద అప్లికేషన్ నంబరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, కేటగిరీ ఒకేచోట ఉంటాయి. లాగిన్‌కు అడిగే వివరాలూ వీటిలోనే ఉన్నాయి. పైగా తండ్రి పేరుతో సహా చెప్పి "సీటు ఇప్పిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే అనుమానం రావడం కష్టం.

– గీతలు గీసి దాచేశామనుకోవద్దు. ఫోన్‌లోని హైలైటర్ రంగు పలుచన. వెలుతురు పెంచితే కింది అంకెలు బయటపడతాయి. పర్సంటైల్ ఉన్న గడి వరకే కత్తిరించండి. క్యూఆర్ కోడ్ కూడా పోవాలి. నన్నడిగితే అంకె టైపు చేస్తే చాలు.

– "సరిగ్గా పుట్టినరోజు నాడే ఫలితం వచ్చింది" అని మురిసిపోతూ రాస్తే, కార్డులో దాచిన తేదీని మీరే చెప్పినట్టు.

– ఫొటోలో మెడలో ఐడీ కార్డు, వెనక హాస్టల్ బోర్డు: మీ అమ్మాయి రోజూ ఎక్కడ ఉంటుందో చెప్పేస్తాయి.

– ఫొటోలో పక్కన స్నేహితురాలు ఉంటే వాళ్లింట్లో అడగండి. ఆమెకు మార్కులు తగ్గి ఉండవచ్చు.