ఐస్ ముక్కలు చిన్నగా, బోలుగా వస్తున్నాయా?

నీటి పైపు తగిలించిన ఫ్రిజ్‌లో ఐస్ గోలీలంత చిన్నగా, లోపల బోలుగా వస్తుంటే, అసలే రాకపోతుంటే, ముందు ఫిల్టర్ తీసి చూడండి. ఇన్‌లెట్ వాల్వ్ ప్రతిసారీ కొన్ని సెకన్లే తెరుచుకుంటది. ఆలోగా వచ్చిన నీళ్లే అచ్చులోకి పోతయి, ధార సన్నబడితే అచ్చు నిండదు.

ఫిల్టర్ స్థానంలో బైపాస్ ప్లగ్ పెట్టి ఒక రోజు నడపండి (కొన్ని ఫ్రిజ్‌లకు ప్లగ్ అక్కర్లేదు). ముక్కలు నిండుగా వస్తే తప్పు ఫిల్టర్‌దే. మామూలుగా ఆరు నెలలకోసారి మార్చాలె, హన్మకొండ బోరు నీళ్లకైతే ఇంకా ముందే.

మార్పు లేకపోతే ఫ్రిజ్ కరెంటు ప్లగ్ పీకి, నల్లా కట్టేసి, వెనుక పైపు విప్పండి. వాల్వ్ మూతి దగ్గర చిన్న జాలీ ఉంటది. దాని మీది తెల్లటి సున్నపు పొరను వెనిగర్‌లో ముంచిన పాత బ్రష్‌తో మెల్లగా రుద్ది కడగండి. జాలీ చిరిగితే ఇసుక లోపలికి పోయి వాల్వ్ సరిగ్గా మూసుకోదు.

విప్పిన పైపును బకెట్‌లో పెట్టి నల్లా తిప్పినప్పుడే ధార సన్నగా ఉంటే ఈ చిట్కా పనిచేయదు. వాల్వ్‌కు సుమారు 20 పీఎస్‌ఐ ఒత్తిడి కావాలె. ఒక అంతస్తు పైనున్న ట్యాంకు నుంచి 5 దాకనే వస్తది, చిన్న బూస్టర్ పంపు పెట్టాల్సిందే.