పట్నం బోర్డులు చదవడం – 4వ పాఠం: వెలుగు కాదు, రంగు

ఈ వారం ఎస్కలేటర్ల గురించి, లిఫ్టు గుర్తుల గురించి చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి వెళ్లినవాళ్లలో నలుగురు దారి తప్పారు. వాళ్లలో ఒకడు మా పిన్ని కొడుకే. తప్పు వాడిది కాదు, నేను చెప్పిన పద్ధతిది. అందుకే ముందు అది సరిచేస్తాను.

పోయినసారి ఇలా రాశాను: చెన్నై సెంట్రల్‌లో భూగర్భ మెట్రో ఎక్కితే బయట ఏమీ కనిపించదు, చీకటే. తిరుమంగళం దాటాక రైలు పైకి వచ్చి వెలుగు పడుతుంది. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టండి: కోయంబేడు, బస్టాండు, అరుంబాక్కం, వడపళని. నాలుగోది వడపళని, దిగిపోండి. ఇంగ్లీషు రాకపోయినా, తమిళం రాకపోయినా పని జరుగుతుందని రాశాను. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కానీ సెంట్రల్‌లో నీలం, ఆకుపచ్చ అని రెండు మెట్రో లైన్లున్నాయి, ఇదంతా ఆకుపచ్చ లైనులో ఎక్కినవాడికే వర్తిస్తుందని గట్టిగా చెప్పలేదు.

మావాడు ఆమదాలవలసలో రైలెక్కి మర్నాడు సెంట్రల్‌లో దిగాడు. భుజాన బియ్యం సంచి, చేతిలో బట్టల బ్యాగు. వడపళని గుడి దగ్గర సెంట్రింగ్ పని. మేస్త్రి ఫోన్లో ‘ఆలందూరు వైపు బండెక్కు’ అన్నాడట. కిందికి దిగి ఒకాయన్ని ఆలందూరని అడిగితే ఆయన చూపించిన బండి ఎక్కేశాడు. చీకటి. కూర్చున్నాడు. కాసేపటికి వెలుగొచ్చింది. వేళ్లు మడిచాడు, నాలుగోదాంట్లో దిగాడు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

‘అన్నయ్యా, దిగాను. గుడి ఎటువైపు?’

‘బోర్డు మీద ఏముందిరా?’

‘చాలా పొడుగ్గా ఉంది. N తో మొదలైంది.’

నంగనల్లూర్ రోడ్డు. నాకు అప్పుడు అర్థమైంది. నీలం లైను కూడా చీకట్లోంచి వెలుగులోకి వస్తుంది. అది సైదాపేట దాటాక వస్తుంది. అక్కడి నుంచి లెక్కపెడితే లిటిల్ మౌంట్, గిండి, ఆలందూరు, నంగనల్లూర్ రోడ్డు. నాలుగోదే! వాడు నేను చెప్పినట్టే చేశాడు.

సెంట్రల్ నుంచి ఆలందూరుకు రెండు లైన్లూ వెళ్తాయి. నీలం లైను మౌంట్ రోడ్డు కింద నుంచి వెళ్తుంది. ఆకుపచ్చది ఎగ్మూరు, అణ్ణానగర్, కోయంబేడు చుట్టి వస్తుంది. అందుకే ‘ఆలందూరు వెళ్తుందా?’ అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. వడపళని మాత్రం ఆకుపచ్చ మీదే ఉంది. కాబట్టి వెలుగు కోసం చూడకండి. సెంట్రల్‌లో గేటు దాటిన వెంటనే రంగు పట్టీ కోసం చూడండి. రెండు రంగులకూ ప్లాట్‌ఫాంలు వేరు వేరు అంతస్తుల్లో ఉంటాయి. ఆకుపచ్చ లైను సెంట్రల్‌లోనే మొదలవుతుంది. అందువల్ల ఆ అంతస్తు చేరితే చాలు, ఎటు వెళ్లే బండి అనే టెన్షన్ లేదు. ప్రతి బండీ మీ వైపే. వచ్చేటప్పుడు మాత్రం వడపళనిలో రెండు వైపులా బండ్లు వస్తాయి కాబట్టి, ప్లాట్‌ఫాం మీద చివరి స్టేషన్ పేరు చూడాలి.

మావాణ్ని బయటికి రానివ్వలేదు. గేటు దాటితే టిక్కెట్ అక్కడితో అయిపోతుంది. లోపలే ఎదుటి ప్లాట్‌ఫాంకు వెళ్లి, ఒక్క స్టేషన్ వెనక్కి ఆలందూరు వచ్చి, అంతస్తు మారి, సెంట్రల్ వైపు వెళ్లే ఆకుపచ్చ బండి ఎక్కమన్నాను. ఎక్కాట్టుతాంగల్, అశోక్‌నగర్, మూడోది వడపళని. దారి తప్పితే ముందు గుర్తుకు రావాల్సింది ఇదే: గేటు లోపలే ఉండండి. అలాగని గంటలు గంటలు కూర్చోకండి, లోపల ఉండే సమయానికి హద్దుంటుంది.

టిక్కెట్ ఎలా కొనాలో రాయను, కౌంటర్లో ఊరి పేరు చెబితే ఇస్తారు.

ఇక బాణం. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మన కుర్రాళ్లు దీని వల్ల పోగొట్టుకున్నంత సమయం దేని వల్లా పోగొట్టుకోలేదు. పైకి చూపే బాణం కనబడితే మెట్లెక్కేస్తారు. తప్పు! పైకప్పుకు వేలాడే బోర్డు మీద నిటారుగా పైకి చూపే బాణం అంటే నేరుగా ముందుకు నడవమని. కాగితం మీద దారి గీయాలంటే ముందున్నదాన్ని పైనే గీస్తాం కదా, అంతే. మావాడు సెంట్రల్‌లో రైలు బొమ్మ పక్కన ఈ బాణం చూసి, బియ్యం సంచితో పాటు మెట్లెక్కి మళ్లీ రోడ్డు మీదకు తేలాడు. చెమట తుడుచుకుని మళ్లీ దిగాడు. మళ్లీ అదే బాణం. మళ్లీ ఎక్కబోయాడు. కాపలా ఆయన చెయ్యి పట్టుకుని ‘నేరా పో’ అన్నాడట. నేరుగా వెళ్లమని. మెట్లెక్కమనే బాణం మూలకు వాలి ఉంటుంది, గోడకు నిచ్చెన ఆనించినట్టు. అదే వాలు కిందికి ఉంటే మెట్లు దిగమని. తల మీద బోర్డులో నిటారుగా కిందికి చూపే బాణం ఉంటే నేల తవ్వుకుని వెళ్లమని కాదు, ఆ బోర్డు కిందున్న గేటులోంచే వెళ్లమని. నిటారు, వాలు: ఈ తేడా పట్టుకోండి. అనుమానం వస్తే బాణం పక్కన మెట్ల బొమ్మ ఉందేమో చూడండి, లేకపోతే ముందుకే నడవండి. అడగాల్సి వస్తే తమిళంలో పైకి మేలే, కిందికి కీళే, బయటికి వెళియే. మన ‘వెలుపల’ గుర్తుంచుకుంటే ఈ చివరిది మరిచిపోరు.

పేర్ల గురించి కొద్దిగా. 2020లో మూడు స్టేషన్లకు నాయకుల పేర్లు కలిపారు: సెంట్రల్‌కు ఎం.జి.రామచంద్రన్, కోయంబేడు బస్టాండుకు జయలలిత, ఆలందూరుకు అణ్ణాదురై పేరు. దాంతో బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగుతుంది. మొదటి నుంచి కూడబలుక్కుంటూ చదివితే బండి వెళ్లిపోతుంది. నేనైతే తోక వైపు నుంచి చదువుతాను. ఊరి పేరు చివర్లో ఉంటుంది. ALANDUR మొదటి అక్షరం మధ్యలో అడ్డదూలం ఉన్న గుడిసె కప్పు. CENTRAL ది అరచందమామ. VADAPALANI ది తలకిందులుగా పెట్టిన గుడిసె కప్పు, దూలం లేకుండా. బండి లోపల ‘అడుత్త నిలైయం’ అని వినబడితే తర్వాత స్టేషన్ అని అర్థం, ఆ వెంటనే వచ్చే పేరు కోసం చెవి పెట్టండి.

అభ్యాసం: పని లేని ఆదివారం ఒక్కరే వెళ్లండి. వడపళనిలో ఆకుపచ్చ ఎక్కి ఆలందూరులో దిగండి. అక్కడ నీలంలోకి మారి సెంట్రల్ రండి, బయటికి వచ్చేయండి. కొత్త టిక్కెట్ తీసుకుని ఆకుపచ్చలో వడపళని చేరండి. ఎవరినీ అడగకూడదు. ఒక్క టిక్కెట్‌తో చుట్టి ఎక్కినచోటే దిగాలని మాత్రం చూడకండి, గేటు దగ్గర తేడా వస్తుంది. దారిలో కనబడిన ప్రతి బాణాన్నీ చిన్న పుస్తకంలో గీసి, దాని పక్కన మీరు ఎటు నడిచారో తెలుగులో రాయండి. ఇరవైకి తగ్గకూడదు. మావాడు పద్నాలుగు గీశాడు, వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాడు.