గ్రీటింగ్ కార్డుల చేతిరాత ఫాంట్లలో అక్షరాలు విడిపోవడం: సమస్య - పరిష్కారం

తిరుపతిలో కార్డుల డిజైన్ పని చేసే నా దగ్గరకు నెలకు నాలుగైదు ఫైళ్ళయినా ఒకే మాటతో వస్తాయి: "ఫాంటు పాడైంది, అక్షరాలు కలవడం లేదు, వేరే ఫాంటు ఉంటే ఇవ్వండి." తెరిచి చూస్తే ఫాంటు నిక్షేపంగా ఉంటుంది. విడిపోయిన చోటు ఏదో గమనించకుండా ఫాంటు మీద ఫాంటు మార్చుకుంటూ పోవడం వల్లనే ఒక పూట పని రెండు రోజులు పడుతుంది. ఫైలులో ఏమీ మార్చకముందే ఒక్క విషయం చూడండి. చీలిక ఒక అక్షరానికీ పక్క అక్షరానికీ మధ్య వచ్చిందా, లేక ఒకే అక్షరం లోపల వచ్చిందా? ఆంగ్లంలో వచ్చే చీలిక దాదాపు ఎప్పుడూ మొదటి రకానిది, యూనికోడ్ తెలుగులో వచ్చేది రెండో రకానిది. రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు.

రెండు లిపుల్లో కలయిక ఎక్కడ జరుగుతుంది

Great Vibes, Dancing Script వంటి ఆంగ్ల కలిపిరాత ఫాంట్లలో అక్షరాలు నిజానికి ఒకదానికొకటి అతికి ఉండవు. ప్రతి అక్షరం చివర ఒక చిన్న తోక ఉంటుంది. ఆ అక్షరానికి కేటాయించిన వెడల్పును ఆ తోక కొంచెం దాటి పక్క అక్షరం మొదటి గీత మీద పడుతుంది. ఫాంటు గీసిన మనిషి ఆ దూరాన్ని ముందే కొలిచి పెట్టాడు గనుక, ఎవరూ కదపనంత వరకు మాట మొత్తం ఒకే గీతతో రాసినట్లు కనిపిస్తుంది. అది కేవలం పక్కపక్కన పేర్చడం వల్ల వచ్చిన కలయిక.

తెలుగులో పక్కపక్క అక్షరాలు కలవవలసిన అవసరమే లేదు. మన చేతిరాతలోనూ ఒక్కో అక్షరం దేనికది విడిగా నిలబడుతుంది. కలయిక అంతా అక్షరం లోపలే, పైకీ కిందికీ జరుగుతుంది. "శ్రీ" అనే ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అనే నాలుగు కోడ్లుగా ఉంటుంది. "లక్ష్మి" ఏడు కోడ్లు, కానీ కంటికి రెండే అక్షరాలు. ఆ కోడ్లను చదివి, ఏది వత్తు అవుతుందో, ఏ గుడి ఎక్కడ కూర్చోవాలో తేల్చి, ఫాంటులోని సరైన ఆకారాలను తెచ్చి పెట్టే పని సాఫ్ట్‌వేర్‌లోని లిపి ఇంజిన్ చేస్తుంది. కనుక తెలుగు చేతిరాత ఫాంటులో, ఉదాహరణకు Lakki Reddy లో, చేతిరాత తనం గీతల వంపులో ఉంటుందే తప్ప అక్షరాలను అతికించడంలో ఉండదు. ఆంగ్లం లాగా తెలుగు కూడా గొలుసుకట్టుగా రావాలని అడిగేవారికి నేను ఇదే చెబుతాను.

లక్షణం: ఆంగ్ల వరుసలో ప్రతి అక్షరం మధ్యా ఒకే కొలతలో ఖాళీ

కారణం ట్రాకింగ్, అంటే వరుసలోని అక్షరాలన్నిటి మధ్యా ఒకే కొలతలో కలిపే ఖాళీ. ఇంతకన్నా తేలికగా దొరికే తప్పు లేదు, అయినా దీన్నే ముందుగా చూడరు. 36 పాయింట్ల అక్షరానికి ట్రాకింగ్ 40 పెట్టారంటే ప్రతి అక్షరం తరువాత 1.44 పాయింట్లు, అంటే సుమారు అర మిల్లీమీటరు ఖాళీ చేరుతుంది. తెర మీద పేజీ మొత్తం కనిపించేలా పెట్టుకుంటే అది కంటికి ఆనదు, అచ్చులో మాత్రం ప్రతి తోకా తెగిపోయి కనిపిస్తుంది. వరుస మొత్తం ఎంచుకొని ట్రాకింగ్ 0 చేయండి. పేరా జస్టిఫై అయి ఉంటే ఎడమకో మధ్యకో మార్చండి, ఎందుకంటే జస్టిఫై కూడా కొన్ని అమరికలలో అక్షరాల మధ్య ఖాళీని లాగుతుంది.

లక్షణం: ట్రాకింగ్ 0 ఉంది, అయినా కొన్ని చోట్ల మాత్రమే చీలిక

నన్ను నిజంగా దెబ్బ తీసింది ఇదే, అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెళ్లిరోజు కార్డు అది. పిల్లలు తమ తల్లిదండ్రుల కోసం చేయించుకున్నారు. పైన Great Vibes లో Happy Anniversary, కింద Lakki Reddy లో "అమ్మా నాన్నలకు పెళ్లిరోజు శుభాకాంక్షలు". డిజైన్ నేను మొదటి నుంచి చేయలేదు, వాళ్ళు ఎక్కడినుంచో తెచ్చుకున్న టెంప్లేట్‌లో మాటలు మార్చాను. ప్రూఫ్ తీసి తెలుగు వరుసను అక్షరం అక్షరం చూశాను. "మ్మా"లో మ వత్తు, "న్న"లో న వత్తు, "ళ్లి" కింద ల వత్తు, "క్ష" అన్నీ సరిగ్గా ఉన్నాయి. మనవాళ్ళందరికీ భయం వత్తుల మీదే గనుక కన్ను అక్కడికే పోతుంది. ఆంగ్ల వరుసను ఒక్కసారి చదివి వదిలేశాను. రెండు వందల కార్డులు ఐవరీ బోర్డు మీద అచ్చయి వచ్చాక చూస్తే ఆ వరుసలో కొన్ని జంటల మధ్య వెంట్రుకంత తెల్లటి సందు, మరికొన్ని జంటల దగ్గర రెండు గీతలు ఒకదానిలో ఒకటి దూరి ముద్దయిన నలుపు. వాళ్ళ అమ్మా నాన్నలకు ఇచ్చే కార్డు అలా ఉండకూడదని మొత్తం మళ్ళీ అచ్చు వేయించి ఇచ్చాను.

రెండోసారి అచ్చుకు ముందు ట్రాకింగ్ చూస్తే 0 ఉంది. ఫాంటు తీసేసి మళ్ళీ ఎక్కించాను. వేరే రెండు కలిపిరాత ఫాంట్లు పెట్టి చూశాను, వాటిలోనూ అదే చీలిక, కాకపోతే వేరే జంటల దగ్గర. మూడు ఫాంట్లూ ఒకేసారి పాడై ఉండవు కదా అని అప్పుడు తట్టింది. క్యారెక్టర్ ప్యానెల్‌లో, ఒక్కో అక్షరాల జంట మధ్య దూరాన్ని సర్దే కెర్నింగ్ గడి Optical అని ఉంది.

కెర్నింగ్ Metrics లేదా Auto గా ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఫాంటు లోపల రాసిపెట్టిన దూరాలను పాటిస్తుంది. Optical పెడితే ఆ దూరాలను పక్కన పెట్టి, పక్కపక్క ఆకారాల మధ్య కంటికి ఎంత ఖాళీ కనిపిస్తుందో తానే లెక్క కట్టి సర్దుతుంది. విడివిడి అక్షరాలుండే మామూలు ఫాంటుకు ఈ సర్దుబాటు కొన్నిసార్లు మేలు చేస్తుంది. కలిపిరాత ఫాంటులో తోక పక్క అక్షరం మీద పడి ఉండటమే సరైన స్థితి. Optical కు అది తెలియదు, కాబట్టి రెండు ఆకారాలు తగులుకుంటున్నాయని ఒక జంటను దూరం జరుపుతుంది, ఖాళీ ఎక్కువైందని మరో జంటను దగ్గరకు నెడుతుంది. చీలిక అంతటా సమానంగా కాక అక్కడక్కడ, హెచ్చుతగ్గులుగా రావడమే దీని ఆనవాలు. సమానంగా ఉంటే ట్రాకింగ్, అసమానంగా ఉంటే Optical అని గుర్తు పెట్టుకోండి.

ఇది ఎందుకు అంత తేలికగా దొరకదంటే, ఈ అమరిక ఫాంటుకు కాక అక్షరాలకు అంటుకొని ఉంటుంది. ఫాంటు పేరు మార్చినా పోదు, ఆ వరుసను కాపీ చేసి కొత్త ఫైలులో అదే రూపంతో అతికిస్తే దానితో పాటే వస్తుంది. పరిష్కారానికి నిమిషం కూడా పట్టదు. టైప్ టూల్‌తో వరుస మొత్తం ఎంచుకోండి, కెర్నింగ్‌ను Metrics కు, ఇలస్ట్రేటర్‌లో అయితే Auto కు మార్చండి, ట్రాకింగ్ 0 ఉంచండి. కెర్నింగ్ గడి ఖాళీగా కనిపిస్తే ఒకే వరుసలో రెండు మూడు రకాల అమరికలు కలిసి ఉన్నాయని అర్థం, అప్పుడు కూడా మొత్తం ఎంచుకొని ఒకటే పెట్టండి. తరువాత తెరను 400 శాతానికి పెంచి ప్రతి జంటనూ చూసి, అసలు కొలతలో మామూలు కాగితం మీద ఒక ప్రతి తీయండి. ఎవరైనా అక్షరాలను ఔట్‌లైన్‌గా, అంటే ఇక టైపు చేయలేని గీసిన ఆకారాలుగా మార్చి ఇచ్చిన ఫైలులో ఈ దారి పనికిరాదు. అక్షరాలుగా ఉన్న అసలు ఫైలు అడిగి తీసుకోవాలి.

కెర్నింగ్ సరిచేసిన తరువాత కూడా o, b, v, w తరువాతి కలయిక మాత్రమే వంకరగా ఉంటే అది ఇంకో చిన్న సంగతి. ఆ అక్షరాల తోక పైనుంచి బయలుదేరుతుంది, మిగతావాటిది కిందినుంచి. కొన్ని ఫాంట్లలో వాటి కోసం వేరే రూపాలు ఉంటాయి. ఓపెన్‌టైప్ ప్యానెల్‌లో Contextual Alternates ఆన్ చేస్తే అవి వస్తాయి.

లక్షణం: తెలుగులో వత్తు పక్కకు జరగడం, పొల్లు బయటపడటం

"శ్రీ" అనేది శ్, ర, గుడి అన్నట్లు విడివిడిగా కనిపిస్తే లిపి ఇంజిన్ పని చేయడం లేదన్నమాట. ఇక్కడ ట్రాకింగ్, కెర్నింగ్ జోలికి పోనక్కరలేదు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోండి. ఇలస్ట్రేటర్‌లో Preferences లోని Type లో Show Indic Options టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ మెనూలో దక్షిణాసియా లిపుల కంపోజర్‌కు మారండి. పాత ఫొటోషాప్ వెర్షన్లలోనూ అదే Type భాగంలో టెక్స్ట్ ఇంజిన్ మార్చే చోటు ఉండేది.

యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో పని చేసేవారికి మాత్రం పై మాట వర్తించదు. మన ఊళ్ళలో చాలా కార్డులు ఇప్పటికీ వాటితోనే తయారవుతున్నాయి కాబట్టి ఇది చెప్పాలి. వాటిలో వత్తు ఒక విడి అక్షరం. ముందున్న అక్షరం కిందికి దూరేలా దాన్ని వెనక్కి జరిపి గీసి ఉంటారు. అంటే అక్కడ తెలుగు కూడా ఆంగ్ల కలిపిరాత పద్ధతిలోనే, ఒకదాని మీద ఒకటి పడటం ద్వారానే కలుస్తుంది. ట్రాకింగ్ పెంచితే "అమ్మా"లోని మ వత్తు తన అక్షరం కిందినుంచి కుడివైపుకు జారిపోతుంది. ఇలాంటి ఫాంటులో వత్తు జరిగితే ముందు ట్రాకింగ్, తరువాత Optical చూడండి. యూనికోడ్ ఫాంటులో అదే ట్రాకింగ్ పెడితే ఇంజిన్ సరిగ్గా పని చేస్తున్నప్పుడు ఖాళీ అక్షరానికీ అక్షరానికీ మధ్యే చేరి, మాట కాస్త వదులుగా కనిపిస్తుందంతే.

మిగిలినవి

తెలుగు మాటలకు Great Vibes పెడితే మారడం లేదంటే ఆ ఫాంటులో తెలుగు లేదు. సిస్టమ్ మరో తెలుగు ఫాంటును తెచ్చి పెడుతుంది, లేదా డబ్బాలు కనిపిస్తాయి. ఆంగ్ల మాటను మొత్తం పెద్ద అక్షరాలలో కొడితే కలిపిరాత ఫాంటులో ఎప్పటికీ కలవదు, ఎందుకంటే పెద్ద అక్షరాలను మాట మొదట నిలబడటానికే గీశారు. ఫాంటు ఫైలు నిజంగా చెడిపోవడం నేను చాలా అరుదుగా చూశాను.

బంగారు ఫాయిల్‌కో కటింగ్‌కో ఇచ్చేటప్పుడు ఆంగ్ల వరుసను ఔట్‌లైన్ చేసి వెల్డ్ చేయండి, అంటే ఒకదానిమీద ఒకటి పడిన ఆకారాలను ఒకటిగా కలపండి. ఇలస్ట్రేటర్‌లో దాన్ని Unite అంటారు. లేకపోతే తోకలు ఒకదానిమీద ఒకటి పడిన ప్రతి చోటా కత్తి రెండు గీతలు కోస్తుంది. వెల్డ్ చేశాక ఆంగ్ల మాట, పెద్ద అక్షరమో i, j ల మీది చుక్కలో విడిగా మిగలకపోతే, ఒకే ముక్కగా ఊడివస్తుంది. "శుభాకాంక్షలు" ఎంత వెల్డ్ చేసినా సున్నతో కలిపి కనీసం ఆరు ముక్కలుగానే ఉంటుంది, అడుగున విడిగా నిలిచే వత్తులుంటే ఇంకా పెరుగుతాయి. అందువల్ల తెలుగు వరుసను కత్తిరించి అంటించాలంటే ముక్కలు కదలకుండా ట్రాన్స్‌ఫర్ టేపుతోనే ఎత్తాలి.